హోలోగ్రామ్ మెరిసినంత మాత్రాన టోనర్ ఒరిజినల్ కాదు

*అన్నా, కర్నూలు కలెక్టరేట్ దగ్గర నాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. హెచ్‌పీ లేజర్‌జెట్ ఎం126 ప్రింటరు, 88ఏ టోనర్ వాడతాను. ఎప్పుడూ కొనే షాపులో స్టాక్ లేదంటే ఇంకొకాయన దగ్గర రెండు పెట్టెలు తెచ్చుకున్నా, ఒక్కోటి వెయ్యి రూపాయలు తక్కువకు వచ్చింది. పెట్టె మీద హోలోగ్రామ్ మెరుస్తోంది, సీల్ ఉంది. తీరా 500 పేజీలకే అక్షరాలు పాలిపోయాయి, తెల్ల కాగితం మీద బూడిద పూసినట్టు వస్తోంది. అమ్మినాయన ‘సరుకు ఒరిజినలే, నీ ప్రింటరే పోయింది’ అంటున్నాడు. ఇది డూప్లికేటో కాదో ఎలా తేల్చుకోవాలి? రెండో పెట్టె ఇంకా విప్పలేదు.*
*— ఒక పాఠకుడు, కర్నూలు*

తమ్ముడూ, ఆ రెండో పెట్టె విప్పలేదు చూడు, అదే నీ అదృష్టం. ఇప్పుడప్పుడే విప్పకు. మొదటి పెట్టె, అందులోని నల్ల కవరు, అట్టముక్కలు, లాగి పారేసిన సీల్ పట్టీ, ఏవి దొరికితే అవి చెత్తబుట్టలోంచి తీసి ఒక సంచిలో వేసిపెట్టు, పనికొస్తాయి.

ముందు ప్రింటరు గొడవ తేల్చుకుందాం, ఎందుకంటే అమ్మినాయన పట్టుకుని వేలాడేది దాన్నే. నీ దగ్గర పాత షాపులో కొన్న 88ఏ ఏదైనా ఉందా? అయిపోయే దశలో ఉన్నదైనా పర్వాలేదు, పక్క సెంటర్ వాడిని అడిగి పది నిమిషాలకు తెచ్చుకున్నా సరే. ఈ 88ఏ పాత ఎం1136, పీ1007, పీ1108 లాంటి ప్రింటర్లలో కూడా నడిచేదే కాబట్టి కలెక్టరేట్ చుట్టుపక్కల దొరకకపోవడం ఉండదు. దాన్ని నీ ప్రింటర్లో పెట్టి ఒక తెల్ల పేజీ, ఒక అక్షరాల పేజీ కొట్టు. బూడిద పోయి కాగితం తెల్లగా వచ్చిందంటే ప్రింటరుకు ఏ రోగమూ లేదు. తర్వాత అనుమానం ఉన్న కార్ట్రిడ్జ్‌ని మళ్లీ పెట్టి అవే రెండు పేజీలు కొట్టు, నాలుగు కాగితాల మీదా తేదీ రాసి దాచు. ఆయనతో ఎంతసేపు వాదించినా తేలనిది ఈ నాలుగు కాగితాలతో తేలుతుంది.

అయితే 500 పేజీలకే అయిపోయిందన్న ఒక్క మాట మీద డూప్లికేట్ అని తేల్చేయడానికి లేదు. 88ఏకి హెచ్‌పీ చెప్పే 1,500 పేజీలు పేజీలో సుమారు 5 శాతం మాత్రమే నలుపు పడుతుందన్న లెక్క మీద చెప్పినవి, అంటే ఒక చిన్న ఉత్తరం లాంటి పేజీ. నువ్వు కొట్టేది ఆధార్ జిరాక్సులు, గళ్లు గళ్ల అడంగల్ కాపీలు, స్కాన్ చేసిన పాత దస్తావేజులు. వాటిలో నలుపు 10 శాతం ఉంటే 750 పేజీలకే పొడి అయిపోతుంది, 15 శాతం ఉంటే 500కే. అంటే అసలు సిసలు కార్ట్రిడ్జ్ కూడా నీ సెంటర్లో 500కి చేతులెత్తేయొచ్చు.

మరి ఏది నిజమో ఎలా తెలుస్తుంది? ప్రింటరు మెనూలో రిపోర్టుల కింద సప్లైస్ స్టేటస్ పేజీ ఉంటుంది, అది కొట్టు. టోనర్ ఎంత మిగిలిందని అందులో ఉంటుంది. ఆ అంకె పొడిని తూకం వేసి చెప్పేది కాదు, ఇప్పటిదాకా ఎంత కొట్టామో చూసి ప్రింటరు వేసుకునే అంచనా, దాన్ని కార్ట్రిడ్జ్ మీది చిప్‌లో రాసుకుంటూ పోతుంది. కాబట్టి అక్షరాలు పాలిపోయాయి, స్టేటస్ కూడా అడుగంటింది అంటే నువ్వు కొట్టిన పేజీలే బరువైనవి, తప్పు అమ్మినవాడిది కాకపోవచ్చు. అక్షరాలు పాలిపోయాయి కానీ స్టేటస్ పేజీ ఇంకా 60 శాతమో 65 శాతమో ఉందంటోంది అనుకో, అప్పుడు చిప్ ఒకటి చెప్తోంది, లోపల పొడి ఇంకొకటి చెప్తోంది. నిండుగా ఉన్నట్టు లెక్క చూపించే చిప్ పెట్టి లోపల మూడో వంతు పొడి పోశారన్నమాట. పైగా నీకు బూడిద కూడా వస్తోంది కదా, అది పొడి తక్కువైతే వచ్చేది కాదు. వేరే రకం పొడి పోసినప్పుడో, అరిగిపోయిన పాత డ్రమ్‌నే మళ్లీ వాడినప్పుడో వచ్చేది. కొత్త కార్ట్రిడ్జ్‌లో మొదటి వంద పేజీల నుంచే బూడిద ఉంటే నాకైతే అనుమానం చాలా గట్టిపడుతుంది.

ఇక్కడ ఒక మాట. సంత సరుకంతా డూప్లికేట్ కాదు. వేరే కంపెనీ తన పేరుతో, ‘88ఏకి సరిపోతుంది’ అని రాసి అమ్మేది కంపాటిబుల్, అది చట్టబద్ధమైన సరుకే, బాగుందా లేదా అన్నది వేరే సంగతి. ఖాళీ కార్ట్రిడ్జ్‌లో నీ కళ్ల ముందే పొడి నింపి ఇచ్చేది రీఫిల్, అదీ దొంగతనం కాదు. ఆ రీఫిల్‌నే హెచ్‌పీ పెట్టెలో పెట్టి, హెచ్‌పీ సీల్ వేసి, హెచ్‌పీ రేటుకు ఓ వెయ్యి తక్కువకు అమ్మితే అది డూప్లికేట్. నీకు వచ్చింది ఈ మూడో రకమా కాదా అన్నదే మనం చూస్తున్నది.

ఇప్పుడు ఆ విప్పని పెట్టె బల్ల మీద పెట్టు. హోలోగ్రామ్ అనగానే మనవాళ్లు ఎండలో పెట్టి ‘ఆహా, ఏడు రంగులు కనిపిస్తున్నాయి’ అంటారు. ఏడు రంగులు గాజుల దుకాణంలో అమ్మే మెరుపు కాగితంలోనూ కనిపిస్తాయి! చూడాల్సింది మెరుపు కాదు, కదలిక. హెచ్‌పీ సెక్యూరిటీ లేబుల్ మీద OK అన్న అక్షరాలు, టిక్కు గుర్తులు ఉంటాయి. పెట్టెను ముందుకూ వెనక్కీ వంచితే OK ఒకవైపు, టిక్కు దానికి ఎదురువైపు జరిగినట్టు కనబడాలి. కుడికీ ఎడమకీ వంచితే రెండూ ఒకే దిక్కుకు, ఒకదాని వెనక ఒకటి నడిచినట్టు పోవాలి. రోడ్డు పక్క ప్రెస్‌లో వేసిన స్టిక్కర్‌కు ఇది చేతకాదు, దాని మీద రంగులు మారతాయే కానీ గుర్తులు ఉన్నచోటే ఉంటాయి. ట్యూబ్‌లైట్ కింద సరిగా తెలియదు, ఒకే బల్బు వెలుగులోనో కిటికీ దగ్గరో చూడు. పాత షాపులో కొన్న పెట్టె ఒకటి పక్కన పెట్టుకుని రెండూ ఒకేసారి వంచితే ఇంకా తేలిక. లేబుల్ డిజైన్ కంపెనీ అప్పుడప్పుడూ మారుస్తుంటుంది కాబట్టి, రెండేళ్ల నాటి పెట్టెతో పోలిక కుదరలేదని వెంటనే గోల పెట్టకు.

లేబుల్ మీద క్యూఆర్ కోడ్, సీరియల్ నంబరు కూడా ఉంటాయి. ఫోనుతో స్కాన్ చేయొచ్చు కానీ, తెరుచుకున్న పేజీ అడ్రస్ hp.com దేనా అని పైన చూసుకో, ఎందుకంటే దొంగ లేబుల్ మీది కోడ్ వాడికి నచ్చిన పేజీకే తీసుకెళ్తుంది, అక్కడ పచ్చ రంగులో ‘ఒరిజినల్’ అని రాసి ఉంచడం ఎంత పని? నమ్మకం లేకపోతే బ్రౌజర్‌లో నువ్వే ఈ అడ్రస్ కొట్టి లోపలికి వెళ్లు:

```
hp.com/go/anticounterfeit
```

నీ రెండు పెట్టెల మీది సీరియల్ నంబర్లు పక్కపక్కన పెట్టి చూడు. ఈ పని ఎవ్వరూ చేయరు, కానీ అర నిమిషం పని. పెట్టెకొక నంబరు ఉండాలి. రెండింటి మీదా ఒకటే నంబరు ఉందంటే ఇంక మిగతా పరీక్షలు కూడా అక్కర్లేదు, ఒక లేబుల్‌ని కాపీ కొట్టి అన్నింటికీ అతికించారు.

సరే, కదలిక సరిగ్గానే ఉంది, నంబర్లు వేరు, కోడ్ కూడా hp.com కే వెళ్లింది అనుకుందాం. అప్పుడు ఒరిజినలేనా? ఇక్కడే నేను మోసపోయాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

అనంతపురంలో గడియార స్తంభం దగ్గర నాకు ప్రింటర్ల సర్వీసు షాపు ఉన్న రోజుల్లో, ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర ఒకేసారి పది పెట్టెలు తెప్పించాను, రాత్రి బస్సులో పార్సిల్ వచ్చింది. హోలోగ్రామ్ వంచి చూశా, చక్కగా కదిలింది. ఆ పదింటిలో ఆరు వారం తిరక్కుండా వెనక్కొచ్చాయి. ఒక స్కూలు గుమాస్తా అయితే తెల్ల చొక్కా నిండా పొడితో వచ్చి కౌంటర్ ముందు నిలబడ్డాడు, ఆ చొక్కా డబ్బులు కూడా నేనే ఇచ్చుకున్నా. అప్పుడు మిగిలిన నాలుగు పెట్టెలు తిప్పి తిప్పి చూస్తుంటే విషయం దొరికింది. సీల్ ఉండేది పెట్టెకు ఒక మూత వైపే. వాళ్లు సీల్ జోలికే పోలేదు, అటువైపు మూతను వేడి గాలితో మెత్తబరిచి గోంద్ ఊడదీసి, లోపలి సరుకు మార్చి, మళ్లీ అతికించారు. అంటే పెట్టె అసలుదే, హోలోగ్రామ్ అసలుదే, నంబరు కూడా అసలుదే, లోపల ఉన్నది మాత్రం ఎవరో వాడి పారేసినది.

అందుకే ఇప్పుడు నేను పెట్టె చేతికి రాగానే తలకిందులు చేస్తాను. ఫ్యాక్టరీలో మూతలు మెషీన్‌తో అతికిస్తారు, జిగురు సన్నని గీతలుగానో చుక్కలుగానో ఒకే వరసలో పడి ఉంటుంది, మూత అంచు సరిగ్గా గీత మీద కూర్చుంటుంది. చేత్తో మళ్లీ అతికించిన దాంట్లో జిగురు అంచు దాటి కారి ఎండి ఉంటుంది, గోటితో గీకితే పసుపు పొరలాగా లేస్తుంది, అట్ట పైపొర ఒకచోట చిరిగి లోపలి బూడిద రంగు పీచు బయటపడి ఉంటుంది. వేలితో నిమిరినా ఆ మడత మెత్తగా, నలిగిన నోటులా తగులుతుంది. ఒక పెట్టెనే రెండుసార్లు తెరిచారంటే మూలలు కూడా తెల్లబడతాయి. సీల్ వైపు కూడా చూడు, బ్లేడుతో సన్నగా కోసి పైన పారదర్శకం టేపు వేసిన కేసులు ఉన్నాయి, టేపు ఉంటే నా లెక్కలో ఆ పెట్టె కథ అక్కడికే అయిపోయినట్టు.

అచ్చు సంగతికి వద్దాం. దీనికి కంసాలులు వాడే చిన్న భూతద్దం అంత మంచి పనిముట్టు లేదు. నాది ప్రొద్దుటూరులో బంగారం పనిచేసే మా బావమరిది ఇచ్చాడు, ఇరవై ఏళ్ల నుంచి జేబులోనే ఉంది. లేకపోతే ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి ఫొటో తీసి పెద్దది చేసి చూసుకో. పెట్టె మీద అన్నిటికంటే చిన్న అక్షరాలు ఎక్కడున్నాయో వెతుకు, సాధారణంగా రకరకాల భాషల్లో హెచ్చరికలు రాసిన చోట. అసలు పెట్టె మీద నల్ల అక్షరం ఒకే నల్ల సిరాతో వేసింది కాబట్టి అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. అసలు పెట్టెను స్కాన్ చేసి మళ్లీ అచ్చేసిన దాంట్లో ఆ నల్ల అక్షరమే నీలం, గులాబీ, పసుపు చుక్కల గుంపుగా విడిపోయి కనిపిస్తుంది, అంచుల చుట్టూ మసక నీడ ఉంటుంది. కంటికి నల్లగానే ఉంటుంది, అద్దం కింద పెడితే జాతరలో చల్లిన రంగులు. కంపెనీ నీలం రంగు కూడా అంతే, అసలుది పూత పూసినట్టు ఏకంగా ఉంటే కాపీది చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఫొటోలు ఉన్న చోట చుక్కలు ఉండటం మామూలే, దాన్ని చూసి కంగారు పడకు, చిన్న అక్షరాలు, బార్‌కోడ్ గీతలు, ఒకే రంగు పరిచిన చోట్లు మాత్రమే చూడు.

ఇంకొకటి, మన దేశంలో అమ్మే దిగుమతి సరుకు పెట్టె మీద దిగుమతి చేసిన కంపెనీ పేరు, పూర్తి అడ్రస్, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ చెబుతాయి. చాలాసార్లు ఇది విడిగా అతికించిన తెల్ల స్టిక్కరుగా ఉంటుంది. అది అసలే లేకపోతే వేరే దేశానికి పోవాల్సిన సరుకు దొడ్డిదారిన వచ్చిందనుకోవచ్చు, అది నకిలీయే కానక్కర్లేదు కానీ వారంటీ అడిగే మొహం ఉండదు. స్టిక్కర్ ఉండి, ఎమ్మార్పీ అంకె మాత్రం మిగతా అక్షరాల కంటే లావుగానో వంకరగానో ఉంటే అద్దం పెట్టాల్సిన చోటు అది.

పెట్టె మీద ఇన్ని చూశాక కూడా, నా అనుభవంలో అసలు సాక్ష్యం పెట్టెలో ఉండదు, కార్ట్రిడ్జ్ ఒంటి మీద ఉంటుంది. మొదటి పెట్టెలోది ఎలాగూ వాడేశావు, దాని మీద నీ ప్రింటరు గుర్తులు కూడా పడిపోయి ఉంటాయి. అందుకే రెండోదాన్ని విప్పేటప్పుడు మాత్రం పక్కన ఒకర్ని నిలబెట్టి ఫోన్‌లో వీడియో తీయించు, ఆరు వైపులా పెట్టెను చూపించి, సీరియల్ నంబరు చదివి, కట్ చేయకుండా విప్పు. వీడియో మధ్యలో ఆగితే ‘నడుమ మార్చేశావు’ అంటాడు ఆయన.

కార్ట్రిడ్జ్ బయటకు తీశాక ప్రింటర్లో పెట్టకముందే చిప్ చూడు. కార్ట్రిడ్జ్ ఒక పక్కన గోరంత బోర్డు, దాని మీద బంగారు రంగు రేకులు ఉంటాయి. కార్ట్రిడ్జ్ లోపలికి తోసినప్పుడల్లా ప్రింటర్లోని స్ప్రింగ్ పిన్నులు ఆ రేకుల మీద రాసుకుంటూ పోయి సన్నని గీత వేస్తాయి, కొత్త స్టీలు గ్లాసు మీద ఉంగరం తగిలితే పడే గీత లాంటిది. లైటును అడ్డంగా పెట్టి చూస్తే కనిపిస్తుంది. నీ మొదటి కార్ట్రిడ్జ్ చిప్ మీద ఇప్పుడు ఆ గీత ఎలా ఉందో ముందే చూసుకుంటే నీ కంటికి అలవాటవుతుంది. సీల్ చేసిన పెట్టెలోంచి ఇప్పుడే వచ్చిన కార్ట్రిడ్జ్ మీద అలాంటి గీత, ముఖ్యంగా ఒకదాని పక్కన ఒకటిగా మూడు నాలుగు గీతలు ఉంటే అది ఇప్పటికే ఏదో ప్రింటర్లోకి వెళ్లి వచ్చింది. ఒక్క సన్న చుక్క కనిపించిందని తేల్చేయకు, తోసినప్పుడు పడేది చుక్క కాదు, గీత.

కానీ గీతలు లేవని సంబరపడటమూ తొందరే. పాత చిప్‌లో ‘నేను అయిపోయాను’ అని రాసి ఉంటుంది, దాన్ని అలాగే ఉంచితే కొత్త పెట్టెలోంచి తీసిన కార్ట్రిడ్జ్‌కే ప్రింటరు స్టేటస్ అడుగున చూపిస్తుంది, గుట్టు రట్టవుతుంది. అందుకని పొడి నింపేవాళ్లు పాత చిప్ పీకేసి బయట దొరికే కొత్త చిప్ పెడతారు. దానికి గీతలు ఉండవు, తళతళలాడుతుంది. అప్పుడు చూడాల్సింది రేకులు కాదు, చిప్ కూర్చున్న గూడు. ఫ్యాక్టరీ చిప్ తన అచ్చులో నిటారుగా, చుట్టూ ఒకే సందుతో కూర్చుంటుంది. మార్చిన దాంట్లో గూటి అంచు ప్లాస్టిక్ బ్లేడుతో చెక్కినట్టు ఉంటుంది, బోర్డు ఒక మూల ఎత్తుగా ఉంటుంది, గ్లూ గన్ జిగురు తెల్లగా పొంగి ఉంటుంది, కొన్నిసార్లు సాలెగూడు దారంలా వేలాడుతుంది కూడా. గీతలున్న పాత చిప్ అయినా, జిగురున్న కొత్త చిప్ అయినా కథ ఒకటే. గీతలూ లేవు, గూడూ కదల్లేదు అంటే అప్పుడు ఒరిజినల్ అనడానికి గట్టి ఆధారం ఉన్నట్టు.

చిప్ చూస్తూనే పక్కకు జరిగి డ్రమ్ షట్టర్ కొద్దిగా తీసి చూడు, రెండు సెకన్లు చాలు, డ్రమ్‌కు వెలుగు ఎక్కువ తగలకూడదు, వేలు అసలే పెట్టకు. కొత్త డ్రమ్ అద్దంలా ఒకే రంగులో ఉంటుంది. వాడినదాని అంచుల దగ్గర చుట్టూ వలయాల్లాంటి అరుగుడు గీతలు, పళ్లచక్రాల సందుల్లో నల్లపొడి కనిపిస్తాయి. డ్రమ్ మీద ఎక్కడైనా గీతో గుంటో ఉంటే పేజీ మీద అదే మచ్చ దాదాపు ఏడున్నర సెంటీమీటర్లకు ఒకసారి పడుతుంది, ఎందుకంటే ఆ డ్రమ్ చుట్టుకొలత అంతే. నీ దగ్గరున్న పాడు ప్రింట్లలో మచ్చలుంటే స్కేలు పెట్టి కొలువు. ఏడున్నర అని తేలితే తప్పు కార్ట్రిడ్జ్‌దే, ప్రింటరుది కాదు. ఇది కూడా రాసిపెట్టు.

తర్వాత ప్రింటర్లో పెట్టి తెర మీద ఏం వస్తుందో చూడు. హెచ్‌పీ ప్రింటర్లు కొన్నిసార్లు Non-HP supply installed అనో, Used supply installed అనో చెప్తాయి. కొత్త సీల్ పెట్టెలోంచి తీసినదానికి ఈ రెండింటిలో ఏది వచ్చినా ఫొటో తీసుకో. ఏమీ రాలేదని మాత్రం ధీమా వద్దు, మంచి కాపీ చిప్ ప్రింటరును కూడా బుట్టలో వేస్తుంది.

ఇంకు సంగతి క్లుప్తంగా చెప్తాను, నువ్వు అడగలేదు కానీ సెంటర్లో కలర్ ప్రింటరు కూడా ఉండే ఉంటుంది. హెచ్‌పీ 803, 680 లాంటి చిన్న ఇంకు కార్ట్రిడ్జ్‌లకు ప్రింట్ హెడ్ వాటితోనే వస్తుంది, వెనకవైపు రాగి రంగు పట్టీ మీద బంగారు చుక్కలు ఉంటాయి. ఆ చుక్కల మీద గీతలు, పట్టీ అంచున ఎండిన ఇంకు, పైన లేబుల్ కింద సూది దూర్చిన రంధ్రం, ఆ లేబుల్ మళ్లీ అతికించిన ముడత, ఇవి రీఫిల్ గుర్తులు. లేబుల్ మీద గోటితో మెల్లగా ఒత్తుకుంటూ పోతే రంధ్రం ఉన్నచోట గుంట దిగుతుంది. ట్యాంకు ప్రింటర్లలో పోసే ఎప్సన్ 003 లాంటి సీసాలకైతే చిప్పే ఉండదు, అక్కడ మూత కింది సీలు, లేబుల్ అచ్చు చూసుకోవడమే.

ఇప్పుడు ఆయన దగ్గరికి ఏం పట్టుకుని వెళ్తావు? నాలుగు పేజీల పోలిక, స్టేటస్ పేజీ, రెండో పెట్టె వీడియో, జీఎస్టీ బిల్లు. బిల్లు ఉందా అని నువ్వు రాయలేదు, వెయ్యి తగ్గించిన చోట బిల్లు ఇవ్వకపోవడమే ఎక్కువ. లేకపోతే ఫోన్‌పే లావాదేవీ, వాట్సాప్‌లో రేటు మాట్లాడుకున్న మెసేజ్ దాచు. ముందు గొంతు పెంచకుండా అడుగు, ఎందుకంటే ఆయన కూడా నాలాగే పైవాడి చేతిలో మోసపోయి ఉండొచ్చు, నేను ఆ ఆరు పెట్టెల డబ్బు తిరిగిచ్చేశాక నాకు పైనుంచి రావడానికి ఐదు నెలలు పట్టింది. డబ్బు ఇవ్వనంటే 1915కి ఫోన్ చెయ్యి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ‘నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుడివి కావు’ అంటే నమ్మకు, 2019 చట్టంలోనే స్వయం ఉపాధితో బతకడానికి కొన్నది వ్యాపార ప్రయోజనం కిందికి రాదని ఉంది, సెంటర్లో కూర్చునేది నువ్వే కదా. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి.

పోలీసు సంగతి వేరు. నకిలీ బ్రాండు పెట్టి అమ్మడం 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం 103, 104 సెక్షన్ల కింద నేరం, ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. కానీ వారంటు లేకుండా సోదా చేసి సరుకు పట్టుకోవాలంటే డీఎస్పీ స్థాయి అధికారి కావాలి, అదీ రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకున్నాక. అందుకని నువ్వు ఒక్కడివే స్టేషన్‌కు వెళ్లి కూర్చోవడం కంటే, పైన ఇచ్చిన కంపెనీ అడ్రస్‌లో ఫొటోలతో ఫిర్యాదు పెట్టడం నయం, తర్వాత వాళ్లే చూసుకుంటారు. ఈలోగా ఆ మొదటి కార్ట్రిడ్జ్ ప్రింటర్లో ఉంచకు. దాని వల్ల ప్రింటరు దెబ్బతింటే ఆ మరమ్మతు వారంటీలోకి రాదు. లోపల పొడి రాలి ఉంటే పొడి గుడ్డతో తుడువు, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పెట్టకు, ఆ సన్నపొడి ఫిల్టర్ దాటి గదంతా పరుచుకుంటుంది. బట్టల మీద పడితే దులిపి చన్నీళ్లతోనే ఉతకాలి, వేడినీళ్లు తగిలితే మరక ఉండిపోతుంది. చొక్కా డబ్బులు ఇచ్చుకున్నవాడిని చెప్తున్నా, నమ్ము.

చివరిగా ఖాళీల సంగతి. మీ వీధిలో కూడా పాత సామాన్లవాడు వస్తుంటాడు, ఖాళీ కార్ట్రిడ్జ్‌కి ఒక రేటు, పెట్టెతో సహా ఇస్తే ఇంకాస్త ఎక్కువ అంటాడు. ఆ పెట్టె నలగకుండా ఉంటే ఇంకా సంతోషం వాడికి. ఆ మాట విన్నప్పుడు నాకు మొదట్లో అర్థం కాలేదు, ఖాళీ అట్టపెట్టెకు అంత ధర ఎందుకా అని. ఇప్పుడు అమ్మేముందు సెక్యూరిటీ లేబుల్‌ని అడ్డంగా కోసేస్తాను, పెట్టెను నాలుగు ముక్కలు చేస్తాను, చిప్ పీకి పక్కన పడేస్తాను. వాడు ఇరవై రూపాయలు తగ్గిస్తాడు.